నాలుగు అంకెలతో మొదలుపెట్టు

ఎం.వి.పి. కాలనీ,
విశాఖపట్నం

అమ్మాయీ,

డిఫరెన్స్-ఇన్-డిఫరెన్సెస్ మీద పిల్లల కోసం నువ్వు తయారుచేసి పంపిన అసైన్‌మెంట్ రెండుసార్లు చదివాను. మొదటిసారి ఎకనామెట్రిక్స్ పేరు వింటేనే టెన్షన్ పడే డిగ్రీ కుర్రాడిలా చదివాను. రెండోసారి పెన్సిల్ పట్టుకుని కూర్చున్నాను. మొదటి పేజీలోనే సమీకరణం పెట్టేశావు కదా, ఆ కుర్రాడు అక్కడే కాగితాలు పక్కన పడేస్తాడు. సమీకరణంలో తప్పేమీ లేదు. దాని చోటు మాత్రం అది కాదు.

ముందు అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రం కథ చెప్పు. 1992 ఏప్రిల్ 1న అక్కడ కనీస వేతనం గంటకు 4.25 డాలర్ల నుంచి 5.05కి పెరిగింది. పక్కనే ఉన్న పెన్సిల్వేనియాలో 4.25 దగ్గరే ఉండిపోయింది. ఆర్థికవేత్తలు డేవిడ్ కార్డ్, అలన్ క్రూగర్ ఈ రెండు చోట్లా కలిపి 410 ఫాస్ట్‌ఫుడ్ షాపుల్ని, పెంపుకి ముందు ఒకసారి, ఆ ఏడాది చివర్లో ఇంకోసారి, ఎంతమంది పనిచేస్తున్నారని అడిగారు. సగం రోజు పనిచేసేవాళ్లని అరమనిషిగా లెక్కేశారు. న్యూజెర్సీలో షాపుకి సగటున 20.44 మంది ఉండేవారు, 21.03 అయ్యారు. పెన్సిల్వేనియాలో 23.33 మంది ఉండేవారు, 21.17కి తగ్గారు. ఈ నాలుగు అంకెల్నీ నాలుగు గళ్లలో వేసి, తీసివేతలు విద్యార్థి చేతే చేయించు. న్యూజెర్సీలో మార్పు 0.59. పెన్సిల్వేనియాలో మైనస్ 2.16. మొదటి దాంట్లోంచి రెండోది తీసేస్తే 2.75. డిఫరెన్స్-ఇన్-డిఫరెన్సెస్ అంటే ఇంతే. అచ్చయిన పేపర్లో 2.76 అని ఉంటుంది. ఆ తేడా మన తీసివేతలో తప్పు కాదు, ఆ ఒక్క వాక్యం రాసెయ్యి. లేకపోతే ఎవడో ఒకడు రాత్రంతా ఆ 0.01 కోసం వెతుకుతాడు.

ఇక అసలు సంగతి. నువ్వు ‘కనీస వేతనం పెంచడం వల్ల షాపుకి 2.76 మంది పెరిగారు’ అని రాశావు. ఒకప్పుడు నేనూ ఒక పాఠంలో అలాగే రాశాను. క్లాసులో ఒక పిల్లవాడు లేచి, ‘మాస్టారూ, పెరిగింది అరమనిషే కదా, మిగతా ఇద్దరూ ఎక్కడివాళ్లు?’ అని అడిగాడు. నా దగ్గర తయారుగా జవాబు లేదు. ఆ ఇద్దరూ పెన్సిల్వేనియావాళ్లు. అంటే ఆ 2.76లో ఎక్కువ భాగం వేతనం పెరగని చోట జనం తగ్గడం వల్ల వచ్చింది. వేతనం పెంచకపోతే న్యూజెర్సీ కూడా 2.16 తగ్గి, 18.28 దగ్గర ఉండేదని మనం అనుకుంటున్నాం. 21.03ని పోల్చేది ఆ 18.28తోనే. కానీ ఆ 18.28ని ఎవరూ లెక్కపెట్టలేదు, ఏ షాపులోనూ అది లేదు. ఈ ఊహకే పారలల్ ట్రెండ్స్ అని పేరు. దాన్ని నువ్వు చివరి పేజీలో ఫుట్‌నోట్‌లో పెట్టావు. పాఠం మధ్యలో, బొమ్మతో సహా ఉండాల్సింది అదే: రెండు గీతలు, వాటి కింద న్యూజెర్సీ మొదలైన చోటు నుంచి పెన్సిల్వేనియా వాలుతోనే దిగే ఒక చుక్కల గీత.

రెండు రాష్ట్రాల్లో మొదటి అంకె ఒకటే ఉండాలని కూడా రాశావు. అక్కర్లేదు. 20, 23 అని వేరువేరుగా మొదలైనా పరవాలేదు, ఆ తేడా తీసివేతలో పోతుంది. కలిసి ఉండాల్సింది నడక.

నీ విశాఖ ఉదాహరణ నాకు ముచ్చటగా అనిపించింది కానీ అది నిలబడదు. బీచ్ రోడ్డు హోటళ్లని విజయనగరం హోటళ్లతో పోల్చావు. రాష్ట్ర ప్రభుత్వం కనీస వేతనం సవరిస్తే ఆ జీవో రెండు ఊళ్లకీ వస్తుంది. ఇక పోల్చుకోవడానికి తాకని ఊరేది? సరే, ఒడిశాలోని బరంపురాన్ని తీసుకుందామంటే ఇంకో చిక్కు. ముందు లెక్క జూన్‌లో, తర్వాతి లెక్క డిసెంబరులో తీశావనుకో. డిసెంబరుకి అరకు, బొర్రా గుహలు చూడ్డానికొచ్చే జనంతో ఇక్కడి హోటళ్లు నిండిపోతాయి, సర్వర్లని అదనంగా పెట్టుకుంటారు. బరంపురంలో అంత హడావిడి ఉండకపోతే ఆ టూరిస్టుల వల్ల పెరిగిన సర్వర్లందరూ నీ లెక్కలో వేతనం ఖాతాలో పడతారు. సీజన్ రెండు చోట్లా ఒకేలా ఉంటేనే తీసివేతలో పోతుంది. అందుకని విశాఖ బదులు ఇచ్ఛాపురం తీసుకుని బరంపురంతో పోల్చు. సరిహద్దు మీదే ఉంది, బరంపురానికి దగ్గర, పండగలూ పెళ్లి ముహూర్తాలూ దాదాపు ఒకటే. అంకెలు ఊహించినవని పైనే స్పష్టంగా రాయి, పిల్లలు నిజమనుకుని ఎక్కడో ఉటంకిస్తారు.

ఇంకో పరీక్ష నువ్వు వదిలేశావు, నాకైతే అది అన్నిటికన్నా ముందు చేయించాలనిపిస్తుంది. చట్టం మారింది సరే, షాపులో జీతం మారిందా? న్యూజెర్సీలో కొత్తగా చేరేవాళ్ల సగటు జీతం 4.61 నుంచి 5.08కి పెరిగింది. పెన్సిల్వేనియాలో 4.63 కాస్తా 4.62 అయింది, అంటే కదల్లేదు. అప్పటికే అందరూ 5.05 పైన ఇస్తూ ఉంటే చట్టం ఎవర్నీ తాకేది కాదు, ఉద్యోగాల్లో వచ్చిన తేడాకి దానితో సంబంధం ఉండేది కాదు.

ఇదంతా అయ్యాక సమీకరణం R భాషలో పెట్టు. `fte` అంటే షాపులో మనుషుల సంఖ్య, `nj` న్యూజెర్సీకి 1, పెన్సిల్వేనియాకి 0, `after` పెంపు తర్వాత 1, ముందు 0:

```
lm(fte ~ nj * after, data = d)
```

ఇందులో వచ్చే నాలుగు గుణకాలూ ఆ నాలుగు గళ్లలోవే అని చూపించు. మొదటిది 23.33, అంటే పెన్సిల్వేనియాలో పెంపుకి ముందు సంఖ్య. `nj` పక్కన మైనస్ 2.89, రెండు రాష్ట్రాల మొదటి తేడా. `after` పక్కన దాదాపు మైనస్ 2.16, పెన్సిల్వేనియాలో మార్పు. `nj:after` పక్కన మన 2.75. చేత్తో చేసిందే కంప్యూటర్ కూడా ఇచ్చిందని చూసినప్పుడు పిల్లల ముఖాలు చూడాలి.

అంచనా ఎంత అటూ ఇటూ కావచ్చో చెప్పే స్టాండర్డ్ ఎర్రర్ దగ్గర మాత్రం తొందరపడకు. పేపర్లో అది 1.36. 2.76ని దానితో భాగిస్తే రెండు దాటీ దాటనట్టు వస్తుంది, అంటే ఫలితం కాకతాళీయం కాదని చెప్పడానికి హద్దు మీదే ఉంది. పైన ఇచ్చిన కమాండ్ అయితే ప్రతి వరసనీ వేరే షాపుగా అనుకుంటుంది, కానీ ఒక్కో షాపు రెండుసార్లు వస్తోంది. షాపు వారీగా క్లస్టర్ చేస్తే, అంటే ఒకే షాపు వరసల్ని ఒక గుంపుగా లెక్కేస్తే, ఆ తప్పు సర్దుకుంటుంది. సర్దుకోనిది ఇంకొకటుంది. షాపులు 410 ఉన్నా, చట్టం మారింది ఒక్క రాష్ట్రంలో, మారనిది ఒక్క రాష్ట్రంలో. ఆ ఏడాది పెన్సిల్వేనియాకే ప్రత్యేకంగా ఏదైనా దెబ్బ తగిలుంటే దాన్ని విడదీసే దారి ఈ డేటాలో లేదు. పెంపుకి ముందు ఒక్కసారే అడిగారు కాబట్టి అంతకుముందు రెండూ కలిసి నడిచాయో లేదో కూడా ఇందులోంచి చూడలేం. కాబట్టి చివరి ప్రశ్న ఇలా మార్చు: ‘ఈ ఊహని నమ్మడానికి ఇంకే డేటా అడుగుతారు?’ పెంపుకి ముందు కొన్నేళ్ల నెలవారీ లెక్కలు కావాలని రాసినవాడికి పూర్తి మార్కులు వెయ్యి. 2000లో మరో ఇద్దరు ఆర్థికవేత్తలు న్యూమార్క్, వాషర్ షాపుల జీతాల రికార్డులతో చేస్తే ఫలితం తిరగబడిందనీ, కార్డ్, క్రూగర్ ప్రభుత్వ లెక్కలతో మళ్లీ చేస్తే చెప్పుకోదగ్గ ప్రభావం కనపడలేదనీ ఒక పేరాలో చెప్పు. ఎవరు గెలిచారో తేల్చే పని అసైన్‌మెంట్‌కి వద్దు.

చివరగా, డేటా శుభ్రం చేసే చోట ‘రెండోసారి లేని షాపుల్ని తీసేయండి’ అని ఉంది. అది కొట్టెయ్. ఫోన్ ఎత్తని షాపు వేరు, మూతపడ్డ షాపు వేరు. శాశ్వతంగా మూసేసిన వాటిని కార్డ్, క్రూగర్ సున్నామందిగా లెక్కేశారు. జీతం భరించలేక షాపు మూసేశారనుకో, దాన్ని తీసేస్తే నువ్వు వెతుకుతున్న నష్టాన్నే చెత్తబుట్టలో వేసినట్టు.

సవరించింది ఆదివారంలోగా పంపితే సోమవారం పొద్దున్నే చూస్తాను. ఈసారి ప్రింటు కాస్త పెద్ద అక్షరాల్లో తీయించు, నా కళ్లజోడు మారింది.

మీ మాస్టారు