స్కూల్ క్యాంటీన్‌కి రేట్లు రాసి లెటర్ ఇస్తే ఇరుక్కుంటామా?

ప్రశ్న: సార్ నమస్తే, మాది మారతహళ్లి. పైన "హెల్దీ స్నాక్స్" అని పెట్టి, ఇంట్లో చేసే రాగి లడ్డు 12, పల్లీ పట్టీ 10, జంతికలు పాకెట్ 15 అని రేట్లు రాసి, ఏడాదంతా ఇవే రేట్లకి రోజూ సప్లై చేస్తానని మా బాబు స్కూల్ క్యాంటీన్‌కి లెటర్ టైప్ చేశాను, సంతకం పెట్టి ఇచ్చేయనా?

జవాబు: ఆగండమ్మా, ఆ "ఏడాదంతా ఇవే రేట్లకి" అన్న ముక్క కొట్టేసి అప్పుడు సంతకం పెట్టండి. 1872 కాంట్రాక్ట్ చట్టం లెక్కన మీ లెటర్ ఒక ప్రతిపాదన, వాళ్ళు "సరే, రోజుకి 150 లడ్డూలు, ఏడాది పాటు" అని రాసిచ్చారంటే అది ఒప్పందం అయిపోయినట్టే, స్టాంప్ పేపర్ లేదు కదా అంటే కుదరదు. రేపు నెయ్యి, బెల్లం పెరిగి లడ్డు మీకే 13 పడిందనుకోండి, రోజుకి 150 రూపాయలు మీ జేబులోంచి పోతాయి. ఇక నావల్ల కాదని ఆపేస్తే వాళ్ళు బయట 16కి కొని ఆ తేడా 4 రూపాయలు లడ్డుకింత చొప్పున అదే చట్టం సెక్షన్ 73 కింద నష్టపరిహారంగా మిమ్మల్ని అడగొచ్చు.

దాని బదులు ఇలా రాయండి: "ఇవి నమూనా రేట్లు, 30 రోజుల వరకే. ప్రతి వారం మీరిచ్చే ఆర్డర్‌ని నేను ఒప్పుకున్నాకే అది ఖాయం. రేటు మారితే 15 రోజుల ముందు చెప్తాను." అప్పుడు ఏ వారం ఆర్డర్‌కి ఆ వారమే బాధ్యత, ఒప్పుకున్న ఆర్డర్ మాత్రం నష్టమొచ్చినా ఇచ్చి తీరాలి.

ఇంకోటి, లెటర్ పైన ఫుడ్ సేఫ్టీ రిజిస్ట్రేషన్ నంబర్ లేకపోతే క్యాంటీన్ వాళ్ళు ఒప్పుకోకూడదు, 2020 నాటి స్కూల్ ఆహార నిబంధనల ప్రకారం సప్లై చేసేవాళ్ళకి అది ఉందో లేదో చూసుకోవాల్సింది స్కూలే. మీలాంటి చిన్న వంటకి పెద్ద లైసెన్స్ అక్కర్లేదు, foscos.fssai.gov.in లో ఇంటి అడ్రస్ మీదే రిజిస్ట్రేషన్ చేసుకోవచ్చు, వచ్చే 14 అంకెల నంబర్ బిల్లు మీద కూడా వేయాలి. చాలామంది లెటర్ ఇచ్చేసి తర్వాత దీనికోసం పరిగెడతారు, ముందు ఇది చేయించుకోండి.

జంతికలు లిస్ట్‌లోంచి తీసేయండి. కొవ్వు, ఉప్పు, పంచదార ఎక్కువున్నవి స్కూల్లోనే కాదు, గేటు నుంచి 50 మీటర్ల లోపు కూడా అమ్మకూడదని అదే నిబంధనల్లో ఉంది, పైగా పైన "హెల్దీ" అని రాసి కింద నూనెలో వేయించినవి పెడితే బాగోదు. పల్లీ పట్టీ పాకెట్ చేసి ఇస్తే లేబుల్ మీద పల్లీ ఉందని తప్పకుండా వేయండి, పల్లీ పడని పిల్లలుంటారు.

డబ్బుల సంగతి కూడా లెటర్‌లోనే, "బిల్లు ఇచ్చిన 15 రోజుల్లో" అని రాసేయండి. చిన్న వ్యాపారాలకి ప్రభుత్వం ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఫ్రీ, అది ఉంటే వాళ్ళు ఎంత గడువు పెట్టుకున్నా 45 రోజులు దాటకూడదు, దాటితే వడ్డీ అడిగే హక్కు మీకుంటుంది. రోజూ డబ్బా ఇచ్చేటప్పుడు ఎన్ని ఇచ్చారో చిన్న పుస్తకంలో క్యాంటీన్ వాళ్ళ సంతకం తీసుకోండి, గొడవైతే నా దగ్గరికి మీరు తెచ్చేది ఆ పుస్తకమే.