యాప్ చూపే తేదీ అండాశయానికి తెలియదు

ప్రశ్న: నాకు 26 ఏళ్లు, పెళ్లయి ఏడాదిన్నర అయింది. మాది పరకాల దగ్గర ఊరు. నెలసరి ఎప్పుడూ టైముకు రాదు కాబట్టి ఫోన్‌లో పీరియడ్ యాప్ వాడుతున్నాను. అందులో చివరి నాలుగు గ్యాప్‌లు 34, 52, 41, 63 రోజులు. చివరిసారి మెడికల్ షాపులో అడిగి మాత్రలు వేసుకుంటే వచ్చింది. ఇప్పుడు 58 రోజులైంది, యాప్ పది రోజులు లేటు అంటోంది. పిల్లలు ఇంకో ఏడాది వద్దనుకుని సేఫ్ డేస్ కూడా అందులోనే చూసుకుంటున్నాం. కరెక్టుగా చెప్పే యాప్ ఏది? అందులో రాసిన వివరాలు వేరేవాళ్లు చూస్తారా? స్క్రీన్‌షాట్లు పంపుతున్నాను.

సమాధానం: యాప్ సంగతి తర్వాత చూద్దాం. రేపు ఉదయం లేవగానే మొదటి మూత్రంతో గర్భ నిర్ధారణ పరీక్ష చేసుకోండి. కిట్ కొనడానికి మొహమాటంగా ఉంటే మీ ఊరి ఆశా కార్యకర్త దగ్గర ‘నిశ్చయ్’ కిట్ ఉచితంగా దొరుకుతుంది. రెండో గీత ఎంత లేతగా కనిపించినా గర్భం ఉన్నట్టుగానే భావించి డాక్టరుకు చూపించాలి. ఒక్క గీతే వచ్చినా నిశ్చింతగా ఉండిపోవద్దు. మీలా నెలసరి క్రమం తప్పినవారిలో అండం ఎప్పుడు విడుదలైందో తెలియదు కాబట్టి, చివరిసారి జాగ్రత్త లేకుండా కలిసి మూడు వారాలు దాటాకే ఆ ‘లేదు’ అన్న ఫలితాన్ని నమ్మవచ్చు. అంతవరకు వారానికొకసారి మళ్లీ చూసుకోండి. ఈలోగా పొత్తికడుపులో ఒక పక్క గట్టిగా నొప్పి వచ్చినా, కొద్దికొద్దిగా రక్తం కనిపిస్తూ కళ్లు తిరిగినా గర్భసంచి బయట గర్భం నిలిచి ఉండవచ్చు. అప్పుడు కిట్ ఫలితం కోసం ఆగకుండా దగ్గరలోని పెద్దాసుపత్రికి వెళ్లాలి.

ఇంత ఖచ్చితంగా చెప్పడానికి కారణం మీ యాప్ లెక్కలోనే ఉంది. అండం విడుదలయ్యాక నెలసరి రావడానికి పట్టే సమయం చాలామందిలో రెండు వారాలకు అటూఇటూగా ఉంటుంది, అందులో హెచ్చుతగ్గులు తక్కువ. మారేదల్లా దానికి ముందరి సగం. అండం పక్వానికి రావడానికి ఒక నెల 20 రోజులు పట్టవచ్చు, ఇంకో నెల 40 రోజులు పట్టవచ్చు, ఒక్కోసారి అసలు విడుదలే కాకపోవచ్చు. కేవలం తేదీలతో పనిచేసే యాప్‌కు ఈ ముందు సగం కనిపించదు. అది గత నెలల సగటు తీసి, వచ్చే నెలసరి తేదీ అంచనా వేసి, అక్కడి నుంచి 14 రోజులు వెనక్కి లెక్కపెట్టి అండం విడుదల రోజని చూపిస్తుంది. నెలనెలా 28, 29, 28 అని వచ్చేవారికి ఈ లెక్క చాలావరకు సరిపోతుంది. మీకు సరిపోదు.

మీ అంకెలతోనే చూడండి. 34, 52, 41, 63 కలిపితే 190, నాలుగుతో భాగిస్తే నలభై ఏడున్నర, అంటే యాప్ 48వ రోజు నెలసరి అనుకుంది. అందులోంచి 14 తీసేస్తే 34వ రోజు అండం విడుదల. వీర్యకణాలు అయిదు రోజుల దాకా బతకగలవు కాబట్టి 29 నుంచి 34 వరకు గర్భం వచ్చే రోజులని రంగు వేసి, మిగతావన్నీ సేఫ్ అని వదిలేసింది. ఇప్పుడు ఇదే వెనక లెక్క మీకు నిజంగా జరిగిన నెలలకు వేద్దాం. 34 రోజులకు వచ్చిన నెలలో అండం సుమారు 20వ రోజు విడుదలై ఉండాలి, అంటే గర్భం వచ్చే రోజులు 15 నుంచి 20. 41 రోజుల నెలలో అవి 22 నుంచి 27. ఈ రెండు నెలల్లోనూ అసలు జాగ్రత్తపడాల్సిన రోజులన్నీ నేటి సగటు ప్రకారం ‘సేఫ్’ గడిలోనే పడ్డాయి. 52 రోజుల నెలలో మాత్రం 33, 34 రోజులు కలిశాయి, అది కాకతాళీయం. ఇంకో యాప్ వేసుకున్నా అవే తేదీలతో ఇదే సగటు తీస్తుంది కాబట్టి ‘కరెక్టుగా చెప్పే యాప్’ మీకు ఇప్పట్లో లేదు. సేఫ్ డేస్ పద్ధతిని ఈరోజుతో ఆపి, పరీక్ష ఫలితం తేలాక కండోమా, కాపర్-టీనా, మరొకటా అన్నది డాక్టరుతో మాట్లాడుకోండి. అప్పటిదాకా కండోమ్ తప్పదు.

పొద్దున్నే శరీర ఉష్ణోగ్రత చూసుకునే యాప్‌లు వీటికన్నా కొంత మెరుగు, కానీ ఉష్ణోగ్రత పెరిగేది అండం విడుదలయ్యాకే కాబట్టి ముందుగా హెచ్చరించలేవు. అండం విడుదలకు ముందు పెరిగే ఎల్‌హెచ్ హార్మోన్‌ను మూత్రంలో చూసే పట్టీలు, అండాశయాల్లో హార్మోన్ల తేడాతో నెలసరి గాడి తప్పే పీసీఓఎస్ ఉన్నవారిలో లేని విడుదలను ఉన్నట్టు చూపగలవు, ఎందుకంటే వారిలో ఆ హార్మోన్ మామూలు రోజుల్లోనే ఎక్కువగా ఉండవచ్చు.

మీ ఉత్తరంలో నన్ను అన్నిటికన్నా ఆపింది ఆ 63 రోజుల గడి. మీరు దాన్ని నెలసరిగా రాసుకున్నారు. అది నెలసరి కాదమ్మా. మెడికల్ షాపులో ఇచ్చేవి సాధారణంగా ప్రొజెస్టరాన్ తరహా మాత్రలు. వాటిని కొన్నాళ్లు వేసుకుని ఆపేస్తే హార్మోన్ ఒక్కసారిగా తగ్గి, అప్పటికే పెరిగి ఉన్న గర్భాశయ పొర రెండు మూడు రోజుల నుంచి వారం లోపు ఊడి రక్తస్రావం అవుతుంది. దానికి ముందు అండం విడుదలైందో లేదో దాన్నిబట్టి చెప్పలేము. యాప్‌కు ఈ తేడా తెలియదు, మీరు ఎర్ర చుక్క పెట్టిన ప్రతి రోజునూ అది నెలసరిగానే లెక్కిస్తుంది. ఆ ఒక్క గడి తీసేస్తే మీ సగటు 42కు దిగుతుంది. ఇంకా ఇబ్బందికరమైన సంగతి ఒకటుంది. ప్రతిసారీ ఆలస్యమైనప్పుడల్లా మాత్రలతో తెప్పించుకునే అమ్మాయి యాప్ చూస్తే నెలనెలా క్రమంగా వస్తున్నట్టే ఉంటుంది. అలాంటి చార్ట్ చూపించి ‘నాకేం ఇబ్బంది లేదు మేడమ్, రెగ్యులరే’ అన్నవారిని నేను చూశాను. ఏ మాత్రలు వేసుకున్నావమ్మా అని రెండుసార్లు అడిగితే గానీ అసలు విషయం బయటపడదు.

మేడారం జాతర ముందు వారాల్లో, బతుకమ్మ రోజుల్లో, ఇంట్లో పెళ్లి ఉన్నప్పుడు మా దగ్గర ఇదే కథ తిరగబడుతుంది: నెలసరి వాయిదా వేయడానికి మాత్రలు. వాటిని అనుకున్న తేదీకి మూడు రోజుల ముందు మొదలుపెట్టాలని ఎవరో చెబుతారు, ఆ తేదీని యాప్‌లో చూసుకుంటారు, నెలసరి క్రమం లేనివారికి ఆ యాప్ తేదీ పైన చెప్పినట్టు తప్పు. అందుకే మొదలుపెట్టిన రోజే రక్తం కనిపించడం, మానేశాక నెల తారుమారవడం చూస్తుంటాం. కాళ్లలో లేదా ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉన్నవారు, కాలేయ జబ్బు ఉన్నవారు, కారణం తేలని రక్తస్రావం ఉన్నవారు వీటిని సొంతంగా వేసుకోవడం ప్రమాదం. గర్భ పరీక్ష చేసుకోకుండా వేసుకోవడం ఎవరికైనా తప్పే. మీరు పోయినసారి పరీక్ష చేసుకున్నట్టు ఉత్తరంలో ఎక్కడా లేదు.

మీ నెలసరి గ్యాప్‌లు దాదాపు అన్నీ 35 రోజులు దాటాయి కాబట్టి దీనికి కారణం వెతకాలి. పీసీఓఎస్ కావచ్చు, థైరాయిడ్ కావచ్చు, బరువులో వచ్చిన మార్పు కావచ్చు, ఉత్తరం చదివి నేను పేరు పెట్టలేను. సాధారణంగా థైరాయిడ్ పనితీరు చూసే టీఎస్‌హెచ్, ప్రొలాక్టిన్ అనే హార్మోన్, షుగర్ పరీక్షలు, అవసరమైతే స్కానింగ్ చేస్తారు. మాత్రలు లేకుండా 90 రోజులు నెలసరి రాకపోతే మాత్రం దాన్ని వదిలేయకూడదు. అండం విడుదల కాని నెలల్లో పొరను ఆపే హార్మోన్ ఉండదు, పొర మందమవుతూ పోతుంది. ఏళ్ల తరబడి అలా సాగితే ఆ పొరలో కణాలు మారే అవకాశం ఉంది. అప్పుడు కూడా ప్రొజెస్టరాన్ మాత్రలే ఇస్తాం, కానీ పరీక్షించి, లెక్కచూసి ఇస్తాం.

ఇక వివరాల గోప్యత. మీ స్క్రీన్‌షాట్లు పత్రిక డెస్క్ నుంచి నాకు వచ్చేసరికి పై భాగం చెరిపి ఉంది. అక్కడ మీ ఈమెయిల్ కనిపించిందట. కింది భాగంలో భర్తతో కలిసిన రోజుల దగ్గర గుండె గుర్తులు అలాగే ఉన్నాయి. యాప్ కంపెనీ సంగతి అడిగే ముందు మీరే వాటిని ముక్కూమొహం తెలియనివారికి పంపారు. తేదీలు కాగితం మీద రాసి పంపితే నాకు సరిపోయేది.

మీ అనుమానం మాత్రం ఊహ కాదు. 2021లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్, ఫ్లో అనే పెద్ద యాప్ వినియోగదారుల ఆరోగ్య వివరాలను గోప్యంగా ఉంచుతామని చెప్పి ఫేస్‌బుక్, గూగుల్ వంటి సంస్థల విశ్లేషణ, ప్రకటనల విభాగాలకు పంపిందని ఆరోపించి, ఆ కంపెనీతో ఒప్పందం కుదుర్చుకుంది. 2023లో ప్రీమమ్ అనే మరో యాప్ మీద ఇలాంటి చర్యే జరిగింది. 2022లో అక్కడ గర్భస్రావ హక్కు తీర్పు తారుమారయ్యాక ఈ వివరాలు పోలీసు కేసుల్లో వాడతారేమోనన్న భయం పెరిగింది. మన దగ్గర పరిస్థితి వేరు. షరతులకు లోబడి 20 వారాల వరకు, కొన్ని వర్గాలకు 24 వారాల వరకు గర్భస్రావం చట్టబద్ధం. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం మీ సమ్మతి అడగాలని, మీరు కోరితే డేటా తొలగించాలని చెబుతుంది, కానీ ఆరోగ్య వివరాలను ప్రత్యేక తరగతిగా వేరు చేయలేదు.

మన ఇళ్లలో ఈ వివరాలు బయటపడేది ఎక్కువగా ఇంట్లోనే. ఫోన్ ఆడపడుచు చేతిలో ఉన్నప్పుడు తెర మీద ‘పది రోజులు లేటు’ అని వచ్చే సందేశం చాలు. కనుక యాప్ ఉంచుకోవాలనుకుంటే లాక్ స్క్రీన్ మీద నోటిఫికేషన్లు ఆపండి, లొకేషన్, కాంటాక్ట్‌ల అనుమతి ఇవ్వకండి, అకౌంట్ తెరవకుండా ఫోన్‌లోనే వివరాలు దాచే యాప్ దొరికితే అది ఎంచుకోండి, కలిసిన రోజులు, మాత్రల పేర్లు రాయకండి. ఇప్పుడున్నది మానేయాలంటే, ఫోన్‌లోంచి తీసేసినంత మాత్రాన కంపెనీ దగ్గరున్నది పోదు. ముందు సెట్టింగ్స్‌లో అకౌంట్, డేటా తొలగించమని కోరి, ఆ తర్వాత తీసేయండి.

డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు యాప్ అవసరం లేదు. ఒక కాగితం మీద గత ఏడాదిలో నెలసరి మొదలైన తేదీలు రాసి, మాత్రలు వేసుకున్న నెల పక్కన గీత పెట్టి, ఆ మాత్రల ఖాళీ స్ట్రిప్ దొరికితే పట్టుకెళ్లండి. కిట్‌లో రెండు గీతలొస్తే వారం ఆగకుండా ఆ రోజే వెళ్లండి.