స్టీలు గ్లాసు 'మెత్తన' గుంపులోకి ఎందుకు వెళ్తోంది?

> "వస్తువులను గట్టి, మెత్తన గుంపులుగా విడదీయమంటే, మూడో తరగతి పిల్లలు స్టీలు గ్లాసును తీసుకెళ్లి స్పాంజి పక్కన, 'మెత్తన' గుంపులో పెడుతున్నారు. ఎన్నిసార్లు చెప్పినా అంతే."

చిక్కంతా 'మెత్తన' అనే మాటలోనే ఉంది. ఇంట్లో దిండూ మెత్తనే, బాగా విసిరిన పిండీ మెత్తనే. అందుకే చేతికి నున్నగా తగిలిందల్లా వాళ్లకు మెత్తన.

1. ముందు బొటనవేలితో నొక్కించండి. లోపలికి దిగితే మెత్తన, దిగకపోతే గట్టి. ఉప్పుకాగితం దగ్గర తడబడతారు. దాన్ని బల్ల మీద పరిచి నొక్కమనండి, వంగడం వేరు.

2. ఆ గుంపులు చెరిపేసి, వస్తువులన్నీ మళ్లీ ఒకే కుప్పగా పోయండి. ఎక్కువమంది వదిలేసేది ఇదే. పాత గుంపులు కళ్ల ముందుంటే గట్టివన్నీ గరుకు, మెత్తనివన్నీ నునుపు అనేస్తారు.

3. ఇప్పుడు కళ్లు మూయించి, నొక్కకుండా వేలికొనతో నిమరమనండి. గరుకా, నునుపా? గ్లాసు ఈసారి సైకిల్ ట్యూబు పక్కకి చేరుతుంది. కొబ్బరి చిప్ప మీద మాత్రం గొడవ ఖాయం: పైన గరుకు, లోపల నునుపు. ఏ వైపు నిమిరారో చెప్పించండి.

4. దేనితో చేశారన్నది చివర్లో అడగండి. గ్లాసూ, గిన్నెలు తోమే స్టీలు పీచూ పక్కపక్కన పెడితే చాలు: రెండూ స్టీలే, ఒకటి నునుపు, ఒకటి గరుకు. పీచును మీరే పట్టుకుని చూపించండి, పిల్లల చేతికిస్తే వేళ్లు కోసుకుంటాయి.