పేరా 41 వాదన, పేరా 112 నిర్ధారణ

తమ్ముడూ,

నువ్వు పంపిన ఆర్బిట్రేషన్ అవార్డు సారాంశం చదివాను. భాష శుభ్రంగా ఉంది. కానీ రెండో పేజీలో "జాప్యానికంతటికీ పని ఇచ్చిన సంస్థే కారణమని ట్రిబ్యునల్ తేల్చింది" అని రాసి, పక్కన పేరా 41 అని వేశావు. ఆ పేరాలో ఉన్నది కాంట్రాక్టర్ వాదన. ట్రిబ్యునల్ తన మాట పేరా 112లో చెప్పింది: పది నెలల జాప్యంలో ఆరు నెలలు సంస్థ వల్ల, నాలుగు నెలలు కాంట్రాక్టర్ వల్ల. నీ సారాంశాన్ని నమ్మి వకీలు అవార్డును సవాలు చేసే పనికి కూర్చుంటే మొదటి అడుగే తప్పుతుంది.

అవార్డును మొదటి పేజీ నుంచి కుదిస్తూ పోతే ఇలాగే జరుగుతుంది, ఎందుకంటే ముందు సగమంతా ఇరుపక్షాల వాదనలే. చివరి ఆదేశంతో మొదలుపెట్టు. ఏ క్లెయిమ్‌కు ఎంత ఇచ్చారో రాసుకుని, ఒక్కో అంకె పట్టుకుని వెనక్కి నడువు. అది ఏ నిర్ధారణ మీద నిలబడింది, ఆ నిర్ధారణ ఏ వివాదాంశానికి జవాబు, దానికి ఆధారం ఏ సాక్ష్యం? ప్రతి మెట్టుకూ పేరా సంఖ్య ఉండాలి. ఒక్క పేజీలో చుక్కలు పెట్టి ఇమ్మని పట్టుబట్టే సంపాదకులు మొదట కొట్టేసేది ఈ సంఖ్యలనే. వాళ్ల మాట వినకు. పేరా సంఖ్య లేని నిర్ధారణ ఎవరికీ పనికిరాదు.

అలా వెనక్కి నడిచి ఉంటే ఈ అవార్డులో అసలు విషయం నీకే దొరికేది. ఒప్పందం విలువ 24 కోట్లు, గడువు 24 నెలలు. అంటే నెలకు కోటి. ప్రధాన కార్యాలయ ఖర్చులు, లాభం కలిపి 15 శాతం. హడ్సన్ సూత్రం ప్రకారం నెలవారీ విలువలో ఆ శాతాన్ని జాప్యపు నెలలతో గుణించాలి. ట్రిబ్యునల్ పది నెలలకు గుణించి కోటీ యాభై లక్షలు ఇచ్చింది. తన నిర్ధారణ ప్రకారమే లెక్క ఆరు నెలలకు రావాలి, అంటే తొంభై లక్షలు. తేడా అరవై లక్షలు. దాని మీద 9 శాతం వడ్డీ ఏడాదికి 5.4 లక్షలు. నువ్వు "హడ్సన్ సూత్రంతో రూ.1.5 కోట్లు మంజూరు" అని రాసి వదిలేశావు. నష్టపరిహారం భాగంలో ప్రతి గుణకారాన్నీ నువ్వే మళ్లీ చేయాలి.

ఇక సవాలుకు కారణాలు. "ట్రిబ్యునల్ సాక్ష్యాన్ని సరిగా అంచనా వేయలేదు" అనే ధోరణిలో నువ్వు రాసిన మూడు కారణాలూ కారణాలే కావు. 1996 ఆర్బిట్రేషన్ చట్టం సెక్షన్ 34 కింద కోర్టు సాక్ష్యాన్ని మళ్లీ తూచదు. చట్టాన్ని తప్పుగా అన్వయించారన్నంత మాత్రాన అవార్డు రద్దు కాదని 34(2A)లోనే ఉంది. పైగా ఆ ఉపవిభాగం కింద వచ్చే ప్రస్ఫుట చట్టవిరుద్ధత అనే కారణం అంతర్జాతీయ వాణిజ్య ఆర్బిట్రేషన్‌కు వర్తించదు. అందుకే పక్షాల్లో ఎవరైనా విదేశీయులా అన్నది ముందే చూసుకోవాలి.

ఇక్కడ గట్టిగా నిలిచే అవకాశమున్నది ఆ అరవై లక్షలే: తన నిర్ధారణకే విరుద్ధమైన లెక్క, దానికి కారణం కూడా రాయలేదు. జాప్యానికి గడువు పొడిగింపే తప్ప పరిహారం ఉండదన్న షరతు సంగతి వేరు. దాన్ని ట్రిబ్యునల్ పేరా 97లో ఎత్తి రాసి, అర్థం చెప్పి, ఇక్కడ వర్తించదంది. ఆ అర్థం నీకు నచ్చకపోయినా, సాధ్యమైన అర్థమైతే కోర్టు వేలు పెట్టదు. ఆ షరతును అసలు పట్టించుకోకపోయి ఉంటే అప్పుడది కారణమయ్యేది. కాబట్టి "షరతును ఉల్లంఘించారు" అని రాయకు. "పరిశీలించి తోసిపుచ్చారు, పేరా 97" అని రాయి.

ఒక్కో కారణం పక్కన అది నిలిస్తే ఎంత సొమ్ము కదులుతుందో, మిగతా అవార్డు నుంచి దాన్ని విడదీయవచ్చో లేదో కూడా రాయి. విడదీయగలిగిన భాగాన్ని కోర్టు వేరు చేసి కొట్టేయగలదు. పరిమితంగా సవరించే అధికారం కూడా ఉందని 2025లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది.

నీ సారాంశంలో తేదీ ఒక్కటే ఉంది, అవార్డు ఇచ్చిన తేదీ. గడువు నడిచేది సంతకాలున్న అవార్డు కాపీ ఆ పక్షం చేతికి అందిన రోజు నుంచి. సవాలుకు మూడు నెలలు. తగిన కారణం చూపితే మరో ముప్పై రోజులు, ఆ తర్వాత ఒక్క రోజు కూడా లేదు. అరవై లక్షల తేడా కేవలం లెక్కల పొరపాటే అనుకుంటే సెక్షన్ 33 కింద ట్రిబ్యునల్‌నే దిద్దమని అడగవచ్చు. దానికి, పక్షాలు వేరే గడువు ఒప్పుకోకపోతే, అందిన నాటి నుంచి ముప్పై రోజులే. అలా అడిగితే మూడు నెలల లెక్క ఆ దరఖాస్తు తేలిన రోజు నుంచి మొదలవుతుంది. అవార్డు అందిన తేదీ కనుక్కుని మొదటి పేజీలో మొదటి వరుసగా వేయి. జాప్యం అంశాన్ని పేరా 112 నుంచి తిరగరాసి పంపు.