రికవరీ ట్రయల్ స్లైడ్లు వేసే ముందు

బిడ్డా,

నీ జర్నల్ క్లబ్‌కు రికవరీ ట్రయల్ తీసుకున్నావు కదా, కోవిడ్‌లో డెక్సామెథసోన్ మీద చేసింది. అబ్‌స్ట్రాక్ట్‌ను నాలుగు ముక్కలు చేసి స్లైడ్ల మీద అతికిస్తే అవుట్‌లైన్ కాదు. ముందు కాగితం మీద రాసుకో.

మొదటి స్లైడ్‌లో ఒకటే వాక్యం ఉండాలె: "ఆసుపత్రిలో చేరిన కోవిడ్ పేషెంట్లకు మామూలు చికిత్సకు తోడు డెక్సామెథసోన్ ఇస్తే 28 రోజుల్లో మరణాలు తగ్గుతాయా?" ఎవరికి, ఏ మందు, దేనితో పోల్చి, ఏ ఫలితం, నాలుగూ ఇందులోనే వచ్చాయి. "కోవిడ్‌లో స్టెరాయిడ్ల పాత్ర" అని రాస్తే అది టాపిక్, ప్రశ్న కాదు.

మెథడ్స్ పొట్టిగా పెట్టు. రోజుకు 6 మిల్లీగ్రాములు, నోటి ద్వారా లేదా ఐవీ, గరిష్ఠంగా 10 రోజులు. ఓపెన్ లేబుల్. మందు గ్రూపులో 2104 మంది, మామూలు చికిత్సలో 4321 మంది. ఈ తేడా ఎందుకని ఎవరో ఒకరు అడుగుతారు. ఒకటికి రెండు చొప్పున ముందే అట్ల కేటాయించారని పూర్తి పేపర్‌లో ఉంది, చూసి పెట్టుకో.

ఎక్కువ సమయం రిజల్ట్స్ మీద పెట్టు. మరణాలు మందు గ్రూపులో 22.9 శాతం, మామూలు చికిత్సలో 25.7 శాతం. రేట్ రేషియో 0.83. వెనక కూర్చున్నవాళ్లు ఫోన్ తీసి 22.9ని 25.7తో భాగిస్తే 0.89 వస్తుంది, అప్పుడు నువ్వు తడబడతావు. అబ్‌స్ట్రాక్ట్‌లోనే "వయసుకు సవరించిన" అన్న మాట ఉంది, చాలామంది దాన్ని దాటేస్తారు. మందు గ్రూపువాళ్ల సగటు వయసు 1.1 ఏళ్లు ఎక్కువ, అందుకే ఆ సవరణ. పైగా రేట్ రేషియోలో మరణం ఎప్పుడు జరిగిందన్న కాలం కూడా లెక్కకు వస్తుంది. "వయసుకు సవరించిన" అన్న మాటను స్లైడ్ మీద 0.83 పక్కనే రాయి.

తర్వాతి స్లైడ్‌లో మూడు వరుసలు చాలు, ప్రతి దాంట్లో ముందు మందు గ్రూపు మరణాల శాతం, తర్వాత మామూలు చికిత్సది. వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లలో 29.3, 41.4. ఆక్సిజన్ మీద ఉన్నవాళ్లలో 23.3, 26.2. ఆక్సిజన్ అక్కర లేనివాళ్లలో 17.8, 14.0. ఈ చివరి వరుస దగ్గర ఆగు. రేషియో 1.19, కాన్ఫిడెన్స్ ఇంటర్వల్ 0.92 నుంచి 1.55. మధ్యలో 1 ఉంది, కాబట్టి "నష్టం రుజువైంది" అనకు. "లాభం కనపడలేదు, నష్టం ఉండొచ్చన్న అనుమానం కొట్టేయలేం" అను. మొత్తం సగటు ఒక్కటే చూపిస్తే, ఇంట్లో ఆక్సిజన్ 98 ఉన్నవాళ్లకు కూడా స్టెరాయిడ్ రాసే పొరపాటుకు దారి ఇచ్చినట్టే.

లిమిటేషన్స్‌లో "ఓపెన్ లేబుల్" అని రాసి వదిలేయకు. మరణం లెక్కించడంలో డాక్టర్ అభిప్రాయం పని చేయదు, కాబట్టి ఆ ముప్పు తక్కువ. మిగతా చికిత్సలో తేడా వచ్చే వీలు మాత్రం ఉంది. అబ్‌స్ట్రాక్ట్‌లో దుష్ప్రభావాల ఊసే లేదు. ఊసు లేనంత మాత్రాన జరగలేదని కాదు, పూర్తి పేపర్‌లో వెతుకు. ఇది బ్రిటన్ ఆసుపత్రుల్లో చేసిన ట్రయల్. షుగర్ అదుపులో లేని పేషెంట్లు ఎక్కువగా వచ్చే మన ఎంజీఎం వార్డుకు దీన్ని ఎంతవరకు తేవచ్చన్నది నీ ఆఖరి వరుస కావాలె.

కాగితం రాసినంక పంపు, మూడు వరుసల స్లైడే ముందు చూస్త.