భార్యకు సర్‌ప్రైజ్ ట్రిప్ కోసం ఎమర్జెన్సీ ఫండ్ తీయకండి

ప్రశ్న: వచ్చే ఫిబ్రవరిలో మా ఆవిడకు నలభై ఏళ్లు నిండుతాయి. ఇంకా తొమ్మిది నెలలుంది. పెళ్లయ్యాక తనను ఎక్కడికీ తీసుకెళ్లలేదు. అందుకే చెప్పకుండా బాలి తీసుకెళ్దామనుకుంటున్నాను. మా ఆఫీసులో ఇద్దరు వెళ్లొచ్చారు. మాకూ తొమ్మిదేళ్ల పాపకూ కలిపి మూడు లక్షలవుతుందట. నా పేరు మీదున్న లక్షా ఇరవై వేల ఎఫ్‌డీలోంచి లక్ష తీసి, మిగతా రెండు లక్షలకు పర్సనల్ లోన్ పెడితే నెలకు 6,900 చొప్పున మూడేళ్లలో తీరిపోతుంది. నా జీతం 48,000. ఆమెకు ప్రైవేటు స్కూల్లో 18,000. ఇంటి లోన్‌తో కలిపి నెల ఖర్చు 50,000. మిగిలింది చీటీకి, పాప ఫీజులకు పోతుంది. ఈఎంఐ నా ఇన్సెంటివ్‌లోంచి కడతాను, ఇంట్లో తెలియదు. ఆమెకు సంగీతం ఇష్టం. చిన్నప్పుడు నేర్చుకుంది, ఇప్పటికీ వంట చేస్తూ త్యాగరాజ కీర్తనలు పాడుకుంటుంది. నీళ్లంటే భయం, జనం గోల పడదు. నా ప్లాన్ సరైనదేనా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: సరైనది కాదు. ఆ లోన్‌కు ఇంకా అప్లై చేయకపోతే చేయకండి. చేసి ఉంటే, డబ్బు అకౌంట్‌లో పడకముందే వద్దని చెప్పేయండి.

ఇలాంటి ఉత్తరాలు నాకు తరచూ వస్తుంటాయి. అందరూ ఒకే చోట తప్పు చేస్తున్నారు. సర్‌ప్రైజ్ అనుకోగానే ఖర్చును కూడా దాచాలనుకుంటారు. ఇంటి బడ్జెట్‌లోంచి తీస్తే భార్యకు తెలిసిపోతుంది కాబట్టి, ఆమె కంటపడని డబ్బు కోసం వెతుకుతారు. అలాంటి డబ్బు రెండు చోట్లే దొరుకుతుంది. ఒకటి అప్పు, రెండోది ఎవరూ రోజూ చూడని ఎఫ్‌డీ. మీరు రెండింటి మీదా చెయ్యి వేస్తున్నారు.

ముందు ఎఫ్‌డీ సంగతి. మీ ఇంటి ఖర్చు నెలకు 50,000 అయితే ఆరు నెలలకు మూడు లక్షలు పక్కన ఉండాలి. ఉన్నది లక్షా ఇరవై వేలు, అంటే రెండున్నర నెలలకు కూడా చాలదు. అందులోంచి లక్ష తీస్తే మిగిలే ఇరవై వేలు పన్నెండు రోజుల ఖర్చు. అదే సమయంలో నెలకు 6,900 కొత్త ఈఎంఐ మొదలవుతుంది. ఇద్దరివీ ప్రైవేటు ఉద్యోగాలే. మీ ఉద్యోగానికి రెండు నెలలు గ్యాప్ వస్తే ఇంటి లోన్, పర్సనల్ లోన్, పాప ఫీజు అన్నీ ఆమె 18,000 మీద పడతాయి. ఆ పర్సనల్ లోన్ ఒకటుందన్న సంగతి కూడా ఆమెకు అప్పుడే తెలుస్తుంది.

ఇది నాకు అనుభవం మీద తెలుసు. మా పెళ్లి రోజుకని నేనూ ఒకసారి ఎఫ్‌డీ తీసి, మా ఆవిడకు చెప్పకుండా సిమ్లా టికెట్లు కొన్నాను. తిరిగొచ్చిన మూడు వారాలకు అమ్మ బాత్రూంలో జారిపడి తుంటి ఎముక విరిగింది. ఇన్సూరెన్స్ ఉంది. కానీ ఆసుపత్రి వాళ్లు క్యాష్‌లెస్ అప్రూవల్ వచ్చేదాకా డెబ్బై వేలు డిపాజిట్ కట్టమన్నారు. రాత్రి పదకొండింటికి మా ఆవిడ "ఎఫ్‌డీ ఉందిగా, తీసెయ్యండి" అంది. అది లేదని ఆసుపత్రి కౌంటర్ దగ్గర నిలబడి చెప్పాల్సి వచ్చింది. డబ్బు మా బావమరిది ఇచ్చాడు. ఆ ట్రిప్ ఫోటోలు మా ఇంట్లో ఎవరూ తీసి చూడరు.

మీ ఎఫ్‌డీ కాగితం మీ పేరు మీద ఉన్నా ఆ డబ్బు ముగ్గురిదీ. కష్టం వస్తే అది ఉందన్న ధైర్యంతోనే మీ ఆవిడ నిద్రపోతోంది. దాన్ని ఆమెకు తెలియకుండా ఖాళీ చేయకండి.

ఇక లోన్. రెండు లక్షలకు మూడేళ్లు 6,900 అంటే వడ్డీ దాదాపు 15 శాతం. మొత్తం కట్టేది రెండు లక్షల నలభై ఎనిమిది వేల పైమాటే. ప్రాసెసింగ్ ఫీజు, దాని మీద జీఎస్టీ వేరే. ఐదు రోజుల ట్రిప్‌కు దాదాపు యాభై వేల వడ్డీ! దాన్ని ఇన్సెంటివ్‌లోంచి కడతానంటున్నారు. నెలనెలా దాచే ఆర్‌డీ అయితే, ఇన్సెంటివ్ రాని నెల తప్పినా చిన్న జరిమానాతో పోతుంది. అదే ఈఎంఐ తప్పితే బౌన్స్ ఛార్జీ పడుతుంది, సిబిల్ స్కోరు దెబ్బతింటుంది, రికవరీ ఫోన్లు ఇంటికే వస్తాయి. క్రెడిట్ కార్డు మీద ఈఎంఐ పెట్టుకుంటానన్నా, ఆవిడ గాజులు తాకట్టు పెడతానన్నా నా జవాబు ఇదే.

డబ్బు మాట పక్కన పెట్టినా, బాలిని రహస్యంగా ఉంచడం కుదిరే పని కాదు. పాపకు పాస్‌పోర్టు తీయాలంటే తల్లిదండ్రులిద్దరూ సంతకం చేసే అనెక్జర్ డి కావాలి. మీ ఆవిడకు పాస్‌పోర్టు లేకపోయినా, గడువు దగ్గరపడినా ఫోటోకూ వేలిముద్రలకూ ఆమే సేవా కేంద్రానికి రావాలి. బాలిలో దిగే రోజుకు పాస్‌పోర్టు గడువు కనీసం ఆరు నెలలు మిగిలి ఉండాలన్న నిబంధన కూడా ఉంది. వీటిలో ఏ ఒక్కటి అడ్డం వచ్చినా మీ సర్‌ప్రైజ్ ఆ రోజే బయటపడుతుంది, ఈఎంఐ మాత్రం మూడేళ్లు సాగుతుంది.

అసలు బాలి ఎవరికి ఇష్టం? మీ ఉత్తరం మళ్లీ చదువుకోండి. ఆమెకు నీళ్లంటే భయమని, గోల పడదని మీరే రాశారు. బీచ్‌లూ పడవ ప్రయాణాలూ ఉన్న ఊరికి ఆమెను తీసుకెళ్లాలన్న ఆలోచన మీ ఆఫీసు వాళ్ల ఫోటోల్లోంచి వచ్చింది. వంటింట్లో త్యాగరాజ కీర్తనలు పాడుకునే మనిషి ఎక్కడికి వెళ్లాలో ఆ పాటల్లోనే ఉంది. తిరువయ్యారు తీసుకెళ్లండి.

తంజావూరుకు పన్నెండు, పదమూడు కిలోమీటర్ల దూరంలో కావేరి ఒడ్డున ఉన్న చిన్న ఊరు అది. త్యాగరాజస్వామి అక్కడే జీవించి 1847లో కన్నుమూశారు. ఆయన సమాధి దగ్గర ఇప్పుడు కనిపించే మందిరాన్ని గాయని బెంగళూరు నాగరత్నమ్మ తన సొంత సొమ్ము పెట్టి కట్టించారు. ఆవిడ సమాధి కూడా ఆయనకు ఎదురుగానే ఉంటుంది. ఏటా పుష్య బహుళ పంచమికి జరిగే ఆరాధనకు విపరీతమైన జనం వస్తారు, గదులు దొరకవు. ఆరాధన సాధారణంగా జనవరిలో వస్తుంది. మీరు వెళ్లేది ఫిబ్రవరిలో కాబట్టి అప్పటికి ఊరు సద్దుమణిగి ఉంటుంది. అయినా బుక్ చేసే ముందు పంచాంగంలో ఆ తిథి ఒకసారి చూసుకోండి. మామూలు రోజు పొద్దున్నే వెళ్తే ఆమె అక్కడ కూర్చుని నెమ్మదిగా ఒక కీర్తన పాడుకోవచ్చు. గోల పడని మనిషికి అదే కావాలి.

మిగిలిన సమయానికి తంజావూరు బృహదీశ్వరాలయం ఉంది, సరస్వతీ మహల్ గ్రంథాలయం ఉంది. అక్కడ తెలుగు తాళపత్రాలు చాలా ఉన్నాయి. కుంభకోణం పక్కన దారాసురం గుడి శిల్పాలు చూస్తుంటే పాపకు కూడా విసుగు రాదు. ఆ వైపు గుళ్లు సాధారణంగా మధ్యాహ్నం నాలుగు దాకా మూసేస్తారు. కాబట్టి పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి పెట్టుకోండి.

విజయవాడలో పొద్దున పినాకిని ఎక్కితే మధ్యాహ్నానికి చెన్నై సెంట్రల్. రాత్రి ఎగ్మోర్ నుంచి ఉళవన్ ఎక్స్‌ప్రెస్ తెల్లవారేసరికి తంజావూరు చేరుస్తుంది. ముగ్గురికీ ఏసీలో రానూపోనూ ఎనిమిది వేలు అనుకోండి. మూడు రాత్రులకు మంచి గది పన్నెండు వేలు, రెండు రోజులు కారు ఏడు వేలు, తిండికి ఎనిమిది వేలు, ఆమెకో చీరకు ఆరు వేలు, చేతిలో నాలుగు వేలు. మొత్తం 45,000. నా అంచనా కాస్త అటూఇటూ అయినా మూడు లక్షలకు దరిదాపుల్లోకి పోదు.

ఈఎంఐకి నెలకు 6,900 కట్టగలనని మీరే రాశారు. ఆ 6,900 ఈ నెల నుంచే పక్కన పెట్టండి. మీ శాలరీ అకౌంట్‌లోనే 5,000కి తొమ్మిది నెలల ఆర్‌డీ తెరవండి. ఫిబ్రవరికి 45,000 తయారవుతుంది, పైన కొంచెం వడ్డీ. గది అడ్వాన్సుకు డబ్బు ముందే కావాలి కాబట్టి ఆర్‌డీ గడువు జనవరి చివరికి ముగిసేలా బ్యాంకులో అడిగి పెట్టుకోండి. అలా కుదరకపోతే ఆర్‌డీ బదులు వేరే సేవింగ్స్ అకౌంట్‌లో వేయండి. మిగిలిన 1,900 ఎఫ్‌డీ పక్కన చేర్చండి, తొమ్మిది నెలలకు 17,100 అవుతుంది. రైలు టికెట్లు రెండు నెలల ముందే తీయాలి కాబట్టి ఆ డబ్బు ఇందులోంచి వాడి, ఆర్‌డీ చేతికి రాగానే తిరిగి వేసేయండి. ట్రిప్ అయిపోయాక ఆ 6,900 మొత్తాన్నీ ఎమర్జెన్సీ ఫండ్‌కు మళ్లించండి. మూడు లక్షలు నిండేదాకా ఆపకండి. ఆ తర్వాత మీకు బాలి వెళ్లాలనిపిస్తే అప్పుడు మాట్లాడుకుందాం. ఇంకొకటి, మీ హెల్త్ ఇన్సూరెన్స్ కంపెనీ ఇచ్చింది మాత్రమే అయితే, ఉద్యోగం పోయిన రోజే అదీ పోతుంది. సొంతంగా ఒక ఫ్యామిలీ పాలసీ తీసుకోండి.

ఇక రహస్యం. "నీ పుట్టినరోజుకు నెలకు ఐదు వేలు దాస్తున్నాను, ఎందుకో అడక్కు" అని ఈ రాత్రే చెప్పేయండి. మొత్తం ఎంతో చెప్పండి, ఎక్కడికో చెప్పకండి. దాని వల్ల ఆమె ఎదురుచూపు తొమ్మిది నెలలు సాగుతుంది. తేదీలు కూడా చెప్పక తప్పదు. సెలవు స్కూల్లో ఆమే అడగాలి, ఫిబ్రవరిలో పరీక్షల హడావిడి మొదలవుతుంది. రెండో శనివారం కలిసొస్తే నాలుగు రోజుల సెలవుతో సరిపోతుంది. ఊరి పేరు మాత్రం దాచండి. చెన్నై దాకా వెళ్తున్నామని చెప్తే చాలు. అక్కడ ఏదైనా పెళ్లో, షాపింగో అనుకుంటుంది. ఎగ్మోర్‌లో రాత్రి రైలెక్కేదాకా తంజావూరు పేరు ఎత్తకండి.

టికెట్లు మీ ఐఆర్‌సీటీసీ లాగిన్‌తో, మీ ఫోన్ నంబరుతోనే తీయండి, మెసేజ్ మీకే వస్తుంది. ఇంట్లో అందరూ వాడే ట్యాబ్‌లో మీ మెయిల్ తెరిచి ఉంటే మూసేయండి. పాపకు చెన్నైలో చెప్పండి, అంతకుముందు వద్దు. తొమ్మిదేళ్ల పిల్ల కడుపులో మాట నిలవదు. అందరి ఆధార్ కార్డులూ మీ బ్యాగులోనే పెట్టుకోండి.

ప్రయాణానికి సరిగ్గా 60 రోజుల ముందు ఉదయం ఎనిమిదింటికి రిజర్వేషన్ తెరుస్తారు. ఆ రోజు ఫోన్‌లో అలారం పెట్టుకుని, ఉళవన్ టికెట్లు ముందు తీయండి. చెన్నై దాకా రైళ్లు చాలా ఉన్నాయి, తంజావూరుకు ఆ రాత్రి బండి దొరకడమే కష్టం.