మంట దగ్గర ఆర్డర్ ఎవరిది?

"మాక్ డ్రిల్‌లో షిఫ్ట్ ఇన్‌చార్జ్, సేఫ్టీ ఆఫీసర్, మేనేజర్ ముగ్గురూ అరుస్తున్నారు. నిజంగా పెద్ద మంట వస్తే ఎవరి మాట వినాలి?"

అన్నా, ఆ క్షణంలో అక్కడున్న షిఫ్ట్ ఇన్‌చార్జ్ మాటే. రాత్రి రెండింటికి మేనేజర్ ఇంట్లో ఉంటాడు కదా. ఆయన వచ్చినంత మాత్రాన కమాండ్ మారదు. ఇన్‌చార్జ్ ఎదురుగా నిలబడి పరిస్థితి చెప్పాలి, తర్వాత "ఇక నుంచి కమాండ్ నాది" అని మేనేజర్ వాకీటాకీలో అందరికీ చెప్పాలి. సేఫ్టీ ఆఫీసర్ పని ప్రమాదం కనబడితే ఆపించడం, ఆర్డర్లు వేయడం కాదు.

చౌటుప్పల్ వైపు నేను పనిచేసిన చోట టోలుయిన్ అనే సాల్వెంట్ డ్రమ్ములు అంటుకున్నాయి. ఇన్‌చార్జ్ మంచోడే, కానీ హోస్ తనే పట్టుకున్నాడు. నీళ్ల ధార పడేసరికి మండే టోలుయిన్ నీటి మీద తేలుతూ డ్రైనేజీ వరకు పోయింది. ఫోమ్ తెమ్మని చెప్పేవాడే లేడు. ఫైరింజన్ గేటు దగ్గర దారి తెలియక ఆగింది.

అందుకే కమాండర్ హోస్ ముట్టొద్దు. గాలి వచ్చే వైపు, దూరంగా, అందరికీ కనబడేలా నిలబడాలి. ఆయనకు నేరుగా రిపోర్ట్ చేసేవాళ్లు ఐదుగురు దాటొద్దు: హోస్ టీమ్, పవర్, వాల్వుల మనిషి, గేటు, హాజరు లెక్క. లోపలికి వెళ్లేవాడి ఐడీ కార్డు బయట బోర్డుకు తగిలించాలి. కార్డు మిగిలిందంటే మనిషి లోపలే ఉన్నాడు.

ఫైర్ ఆఫీసర్ రాగానే ఏం మండుతోంది, ఎన్ని డ్రమ్ములు, ఎవరు కనబడట్లేదు, కరెంటు తీశారా, ట్యాంకులో నీళ్లెన్ని అన్నది చెప్పి మంటల పని ఆయనకు అప్పగించాలి. షెడ్డు రేకులు వంగుతుంటే మాత్రం ఎవరి కోసమూ ఆగకుండా మీ టీమ్‌ను వెనక్కి పిలవండి.